నవ్వకుండా, తిట్టకుండా: మన యాసను వెక్కిరించినప్పుడు చెప్పే జవాబు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, రికవరీ గురించి పొద్దటి నుంచి విన్నారు. నాకు ఇచ్చిన అంశం చిన్నగా కనిపిస్తది. ఎవరన్నా మన యాసను పట్టుకొని నవ్వులాట చేస్తే ఏం చెయ్యాలె? కానీ ఇది కూడా లెక్కల ముచ్చటే. ఎట్లంటరా, ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఒక సంఘం సమావేశం నడుస్తున్నది అనుకుందాం. పది మంది సభ్యులు, మూడు లక్షల లోను. రెండో లీడర్ అక్క పాసుబుక్కు చూసి, "గీ నెల కిస్తు రెండుపార్ల కట్టయింది, జర సూడుండ్రి" అన్నది. పక్కన కూర్చున్న ఒకామె ఆ అక్క గొంతును అనుకరించి, "గీపారి, గాపారి! అక్కా, నిన్ను సినిమాల తీసుకోవాలె" అన్నది. నలుగురు నవ్విండ్రు. రెండో లీడర్ అక్క కూడా నవ్వింది. పాసుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకున్నది. మాట వేరే దానిమీదికి పోయింది. ఆ రోజు ఎవరూ ఆ రెండో కటింగు సంగతి అడగలేదు.

ఇప్పుడు చెప్పండి, నష్టం ఎవరికి? మనసు నొచ్చుకున్నది ఒక్క అక్కకే అయినా, పైసలు పోయేది పది మందివి. యాస మీద జోకు చేసే అసలు పని ఇది. చెప్పే విషయం మీదున్న చూపును అది చెప్పే గొంతు మీదికి మళ్లిస్తది. అందుకని మన జవాబు పని కూడా ఒక్కటే. ఆ చూపును మళ్లీ విషయం మీదికి తేవాలె. జోకు వేసినామెను ఓడగొట్టుడు మన పని కాదు. ఈ ఒక్క మాట యాదిలో పెట్టుకుంటే మిగతాదంతా తేలికయితది.

మన పటాన్‌చెరులో ఈ ముచ్చట ఎందుకు ఎక్కువ వస్తదో మీకు తెలుసు. ఇక్కడ పాత ఊరోళ్లు ఉన్నారు. నారాయణఖేడ్, జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్లు ఉన్నారు, వాళ్ల మాటల్లో కన్నడం, మరాఠీ కలుస్తది. తండాల నుంచి వచ్చిన లంబాడా అక్కలు ఉన్నారు. పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనికి శ్రీకాకుళం, విజయనగరం దిక్కు నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్లు ఉన్నారు. ఒక్క కంపెనీ క్యాంటీన్లో, ఒక్క అద్దె ఇండ్ల లైన్లో ఐదారు రకాల తెలుగు వినిపిస్తది. తేడా వినిపించుడు తప్పు కాదు. తేడాను మెట్లు కట్టి, ఒకటి పైన, ఒకటి కింద అని పెట్టినప్పుడే బాధ మొదలయితది.

ఆ మెట్లు ఎవరు కట్టిండ్రు? బడి పుస్తకాలు, పేపర్లు, రేడియో చాలా కాలం ఎక్కువగా ఒక ప్రాంతపు చదువుకున్నోళ్ల మాటకు దగ్గరగా నడిచినాయి. సినిమాల్లోనేమో తెలంగాణ యాసను ఏండ్ల తరబడి రౌడీకో, పనోడికో, నవ్వించే పాత్రకో ఇచ్చిండ్రు. ఉత్తరాంధ్ర యాసకు కూడా చాలావరకు అదే గతి పట్టింది. చిన్నప్పటి నుంచి ఆ మాట వినపడంగనే నవ్వుడు అలవాటైనోళ్లకు, ఎదురుగా మనిషి కిస్తు గురించి మాట్లాడుతున్నా నవ్వే వస్తది. ఈ మధ్య కొంత మారింది. 2017లో వచ్చిన ఫిదా సినిమాలో కథానాయికే తెలంగాణ యాస మాట్లాడింది. 2023లో వచ్చిన బలగం అయితే మొత్తం మన మాటలోనే నడిచింది. అయినా పాత అలవాటు ఒక్క రోజులో పోదు. ఇంకో సంగతి, ఈ జోకు వేసేది ఎప్పుడూ బయటి ప్రాంతం వాళ్లే అనుకోవద్దు. మన ఊరోళ్లే, పట్నంల నాలుగేండ్లు చదువుకొని వచ్చి, మన మాటనే వెక్కిరించేటోళ్లు మస్తుమంది ఉన్నారు.

ఇక మన మాటలో తప్పున్నదా? "తొవ్వ" అంటే నవ్వుతరు. అది పాత తెలుగు కావ్యాల్లో ఉన్న "త్రోవ" అనే మాటే, పలుకుబడిలో మెత్తబడ్డది. "జర", "యాది", "షురూ" అంటే ఉర్దూ కలిసింది అంటరు. నిజమే, నిజాం రాజ్యంల 1948 దాకా కచేరీలు, భూమి కాగితాలు ఎక్కువగా ఉర్దూలోనే నడిచినాయి, మాటలు కలిసినాయి. కానీ మన సంఘం లెక్కల పుస్తకం తెరిచి చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తు, రసీదు. ఇవన్నీ అదే తొవ్వల వచ్చిన మాటలు. శ్రీకాకుళంలో రాసినా, గుంటూరులో రాసినా ఇవే రాస్తరు. వాటికి ఎవరూ నవ్వరు. అంటే నవ్వు మాటను చూసి వస్తలేదు, మాట్లాడే మనిషిని చూసి వస్తున్నది.

ఇగ అసలు సంగతికి వద్దాం. ముందుగా, అన్నీ వెక్కిరింపులు కావు. ఒక చెల్లె "అనపకాయ అంటే సొరకాయేనా అక్కా?" అని అడిగితే అది ప్రశ్న. దానికి జవాబు చెప్పాలె, అంతే. ప్రశ్నకూ వెక్కిరింపుకూ తేడా ఎట్ల పట్టాలె? అడిగే మనిషి కండ్లు చూడండి. అర్థం కాక అడిగేటామె మీ దిక్కు చూస్తది, జవాబు కోసం ఆగుతది. వెక్కిరించేటామె మీ మాటను మళ్లీ పలికి, పక్కనోళ్ల దిక్కు చూస్తది. ఆమెకు కావాల్సింది మీ జవాబు కాదు, వాళ్ల నవ్వు. ఈ ఒక్క గుర్తు చాలాసార్లు సరిపోతది.

వెక్కిరింపు అని తేలినప్పుడు మనం మామూలుగా చేసేవి రెండు. ఒకటి, ఆటలో కలిసిపోవుడు. ఇంకొకటి, తిరిగి కొట్టుడు. రెండూ ఎందుకు పని చెయ్యవో చూద్దాం.

ఆటలో కలిసిపోవుడు అంటే నవ్వుడు ఒక్కటే కాదు. దానికి ఇంకా రెండు రూపాలు ఉన్నాయి. మన మాటను మనమే ఇంకా పెద్దగ చేసి పలికి, నవ్వించుడు ఒకటి. "మాది పల్లెటూరి భాష, ఏమనుకోకుండ్రి" అని ఎవరూ అడగకముందే మాఫీ అడుక్కొని మాట మొదలుపెట్టుడు ఇంకొకటి. ఈ మూడింటిలో ఏది చేసినా ఎదుటోళ్లకు అందేది ఒకటే సంగతి, "నా మాట నవ్వులాటకే, నాకు బాధ లేదు" అని. వచ్చే వారం అదే జోకు మళ్లీ వస్తది. అప్పుడు అభ్యంతరం చెప్తే "మొన్న నువ్వు కూడా నవ్వినవు గదా" అంటరు.

ఇక్కడ ఒక సంగతి వేరు చేసి చెప్పాలె. ఒడిశా చెల్లెతోని హిందీలో మాట్లాడితే, బ్యాంకు మేనేజరుకు అర్థం కావాలని "కిస్తు" బదులు "ఇన్‌స్టాల్‌మెంట్" అంటే, అది ఆటలో కలుసుడు కాదు. ఎదుటి మనిషికి అర్థం కావాలని మాట మార్చుడు తెలివి. ఎదుటి మనిషి నవ్వుతదని భయపడి గొంతు మార్చుడే నష్టం. ఎందుకంటే గొంతు మీదనే చూపు పెట్టుకుంటే చెప్పే లెక్కలో తప్పులు పోతయి, మాట నడిమిట్ల ఆగిపోతది.

ఇగ తిరిగి కొట్టుడు. "నీ మాట ఏమన్న సక్కగున్నదా? మీ ఆంధ్రోళ్లు..." అని మొదలుపెట్టినమనుకోండి. అదే వరుసలో శ్రీకాకుళం నుంచి వచ్చిన చెల్లె కూర్చొని ఉంటది. ఆమె నవ్వలేదు. ఆమె "ఏటి" అంటే రోజూ నలుగురు నవ్వుతరు, ఆమె కూడా మన లెక్కనే పడుతున్నది. మన రాయి పొయ్యి ఆమెకు తగులుతది. మన పక్కన నిలబడాల్సిన మనిషి అవతలి దిక్కు పోతది. సంఘం రెండు గుంపులయితది. పావుగంట లొల్లి నడుస్తది. కిస్తు సంగతి మళ్లీ ఎవరూ అడగరు. అంటే తిరిగి కొట్టినా, నవ్వి ఊకున్నా, ఆఖరికి పాసుబుక్కు మూసే ఉంటది.

మరి ఏం చెయ్యాలె? మూడు అడుగులు ఉన్నయి. ఆగుడు, చెప్పుడు, పనికి వచ్చుడు.

మొదటిది ఆగుడు. జోకు పడ్డంక రెండు మూడు సెకండ్లు ఏం మాట్లాడొద్దు, నవ్వొద్దు. ముఖం కోపంగా పెట్టాల్సిన పని లేదు, మామూలుగా ఉంచాలె. ఇది వినడానికి చిన్నదే గానీ, చెయ్యడానికి ఇదే కష్టం. ఎందుకంటే నలుగురు నవ్వుతుంటే మన ముఖం దానంతటదే నవ్వుతది. అది భయంతోని వచ్చే నవ్వు. దాన్ని ఆపే ఉపాయం, చేతిల ఉన్న వస్తువు మీద చూపు పెట్టుడు. పాసుబుక్కు ఉంటే పాసుబుక్కు. క్యాంటీన్ల అయితే గిన్నె. అనుకున్న చోట నవ్వు దొరకకపోతే జోకు అక్కడనే చల్లబడ్తది. చాలాసార్లు ఈ ఒక్క అడుగుతోనే పని అయిపోతది.

రెండోది చెప్పుడు. ఒక్కటే వాక్యం, మన మాటలోనే. జోకు మొదటిసారి వచ్చినప్పుడు బాధ సంగతి కూడా ఎత్తనక్కర లేదు. మన రెండో లీడర్ అక్క ఇట్ల అనొచ్చు. "నేను పైసల ముచ్చట చెప్తున్న. కిస్తు రెండుపార్ల కట్టయింది." చూడండి, ఆమె "రెండుపార్ల" అనే మాటనే మళ్లీ వాడింది. దాన్ని "రెండుసార్లు" అని మార్చుకోలేదు, ఒత్తి పలకలేదు కూడా. మార్చుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఒత్తి పలికితే పంతం పట్టినట్టు. మామూలు గొంతుతోని, మామూలు వేగంతోని మళ్లీ అంటే, అది మామూలు మాట అని వినేటోళ్లకు తెలుస్తది.

మూడోది పనికి వచ్చుడు. అదే ఊపిరిలో అందరికీ ఒక పని అప్పజెప్పాలె. "7వ తారీఖు ఒకటి, 9వ తారీఖు ఒకటి ఉన్నది. పుస్తకం ఇటు పంపుతున్న, బుక్‌కీపరక్కా, జర సూడు." పుస్తకం చేతులు మారంగనే అందరి కండ్లు అంకెల మీదికి పోతయి. జోకు వేసినామె కూడా ఆ అంకెలు చూడక తప్పదు, ఎందుకంటే ఆమె పైసలు కూడా అండ్ల ఉన్నయి. ఆమెను తగ్గించలేదు, ఆమెతోని లొల్లి లేదు. రేపు లోను మీటింగులో ఆమెతోనే కూర్చోవాలె గదా.

అదే జోకు మళ్లీ వస్తే? అప్పుడు బాధ సంగతి చెప్పాలె, కానీ చిన్నగా. "నా మాటను వెక్కిరిస్తే నాకు బాధయితది. గట్ల అనకు చెల్లె." అంతే. "నువ్వు గర్వంతోని అంటున్నవు, మమ్మల్ని చిన్నగ చూస్తున్నవు" అని ఆమె మనసులో ఏమున్నదో మనం చెప్పొద్దు. ఆమె మనసు సంగతి మనకు తెల్వదు. చెప్తే ఆమె కాదంటది, వాదన మొదలయితది. మన బాధ మనకు తెలుసు, దాన్ని ఎవరూ కాదనలేరు.

అట్ల అన్నప్పుడు దాదాపు ప్రతిసారి ఒక జవాబు వస్తది. "ఊకె నవ్వులాటకన్న, గింత దానికేందక్కా!" ఈ జవాబు వస్తదని ముందే తెలిసి ఉంటే మనం తడబడం. దానికి ఇట్ల అనొచ్చు. "నవ్వులాటకే అన్నవు, సరే. నాకైతే నవ్వు రాలేదు. ఇగ వద్దు." ఈ మాట ఆమెకు పోవడానికి తొవ్వ కూడా ఇస్తది. నవ్వులాటకే అన్నదని ఒప్పుకున్నం, ఆమె మర్యాద ఆమెకున్నది. వద్దన్న మాట మాత్రం నిలబడ్డది. ఈ వాక్యం చివర "కదా" అని, "ఏమంటవు" అని తగిలించొద్దు. తగిలిస్తే అది అడిగినట్టు అయితది, చెప్పినట్టు కాదు.

జోకు వేసినామె మనకు దగ్గరి మనిషి అయితే, అందరి ముందు మొదటి జవాబుతోనే ఆపి, మిగతాది తర్వాత ఒక్కదానితోనే మాట్లాడుడు మంచిది. "మీటింగుల నువ్వు నా మాటను అనుకరించినప్పుడు నేను చెప్పే లెక్క ఆగిపోయింది. నాకు మళ్లీ నోరు తెరవబుద్ది కాలేదు." జరిగినదేందో, దానితోని అయినదేందో, రెండే చెప్పాలె. చాలామంది నిజంగనే గమనించి ఉండరు.

ఇగ కంపెనీల సంగతి. సూపర్‌వైజరు వెక్కిరిస్తే అక్కడ మన బలం వేరు, ఆయన బలం వేరు. కొలువు ఆయన చేతిలో ఉన్నప్పుడు రెండో అడుగు ఇంకా చిన్నగా ఉండాలె. "సార్, మిషన్ల సంగతి చెప్తున్న, వినండి" అంటే చాలు. ముఖ్యంగా నవ్వకుండా ఉండుడు అక్కడ కూడా మన చేతిలోనే ఉన్నది. రోజూ నడుస్తుంటే ఏ తారీఖు, ఏ షిఫ్టు, ఏమన్నడు, ఎవరు విన్నరు అని ఒక చిన్న పుస్తకంల రాసి పెట్టుకోవాలె. ఒక్కదాన్నే పోకుండా, విన్న ఇంకో మనిషిని తోడు తీసుకొని పై ఆఫీసరుకు చెప్పాలె.

ఈ పద్ధతికి హద్దు ఉన్నది, అది కూడా తెలుసుకోవాలె. యాస మీద మొదలైన జోకు కులం మీదికి పోతే, అది ఇగ యాస ముచ్చట కాదు. ఎస్సీ, ఎస్టీ అక్కలను కులం పేరుతో నలుగురి ముందు అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది. ఒంటి మీదికి, ఆడతనం మీదికి పోతే 2013 చట్టం ఉన్నది. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట దాని కింద అంతర్గత కమిటీ పెట్టాలె. అంతకన్నా చిన్న చోట పనిచేసేటోళ్లు జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. అటువంటి దానికి ఆగుడు, చెప్పుడు సరిపోదు. సమాఖ్యకు చెప్పండి, ఒక్కరే మోయొద్దు.

మరి సంఘంల కూర్చొని వింటున్న మిగతా ఎనిమిది మంది సంగతేంది? జోకు బతికేది వాళ్ల నవ్వుతోనే. సమావేశం నడిపే లీడర్ అక్క అనాల్సిన మాట ఒకటే ఉన్నది. "అక్క మాట పూర్తి కానియ్యుండ్రి. కిస్తు సంగతి చెప్పక్కా." ఎవరినీ మందలించుడు లేదు. మాట మళ్లీ చెప్పేటామె చేతికి వచ్చింది. అయితే ఒక జాగ్రత్త. "పాపం, ఆమెకు బాధయితది, నవ్వకుండ్రి" అని అనొద్దు. అట్లంటే ఆ అక్కను చిన్నపిల్లను చేసినట్టయితది. నవ్వు పోయి జాలి వస్తది, చూపు మాత్రం గొంతు మీదనే ఉంటది.

మన జిల్లాలోనే ఒక సంగతి ఉన్నది, చాలామందికి తెలుసు. జహీరాబాద్ దిక్కు ఝరాసంగం మండలం మాచ్నూరులో 2008లో సంగం రేడియో మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలే దాన్ని నడిపిండ్రు. విత్తనాల గురించి, పంటల గురించి, పండుగల గురించి వాళ్ల ఊరి మాటలోనే రేడియోల చెప్పిండ్రు. వినేటోళ్లకు కావాల్సింది ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలె అన్న సంగతి. అది ఊరి మాటలో చెప్తేనే తొందరగా అర్థమయింది. సంగతి ముందుకు వస్తే యాస దానంతటదే మామూలయితది.

ఇంకొకటి చెప్పి ముగిస్త. సెప్టెంబర్ 9న కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటం. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటరు. ఒకరు ఓరుగల్లు గడ్డ మీద పెరిగినాయన, ఇంకొకరు శ్రీకాకుళం దిక్కు పుట్టినాయన. ఇద్దరూ జనం నోట్లో ఉన్న మాట కోసమే నిలబడ్డరు. మన సంఘంల మాచ్నూరు దిక్కు అక్క, శ్రీకాకుళం చెల్లె పక్కపక్కన కూర్చున్నప్పుడు ఈ సంగతి పనికొస్తది. "ఏటి" అన్నప్పుడు మన ముఖం మీద నవ్వు వస్తే, దాన్ని కూడా అదే రెండు సెకండ్లు ఆపాలె.

వచ్చే నెల సంఘం సమావేశంల వసూళ్లు అయినంక పది నిమిషాలు దీనికి పెట్టుకోండి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు పాసుబుక్కు పట్టుకొని ఒక లెక్క చెప్పాలె, ఇంకొకరు గొంతు అనుకరించాలె. మొదటామె ఆగి, ఒక్క వాక్యం చెప్పి, పుస్తకం ముందుకు జరపాలె. తర్వాత స్థానాలు మార్చుకోవాలె. మొదటిసారి ఇద్దరికీ నవ్వు వస్తది, పర్వాలేదు. మూడోసారికి నోరు అలవాటు పడ్తది. ఎందుకంటే అసలు సమయంల కొత్త మాట వెతుక్కునే టైము ఉండదు, ముందే పలికిన మాటే నోటికి వస్తది. ఆ పది నిమిషాలు అయినంక తీర్మానం పుస్తకంల ఒక లైను రాయండి. "సమావేశంలో సభ్యురాలు మాట్లాడుతున్నప్పుడు ఆమె మాట తీరును అనుకరించరాదు, మాట పూర్తి అయిన తర్వాతనే ప్రశ్నలు అడగాలి" అని రాసి, అందరూ సంతకాలు పెట్టండి. అప్పుడు లీడర్ అక్క ఆపినప్పుడు అది ఆమె సొంత కోపం కాదు, సంఘం నియమం అయితది.